కాలేజీ ఆఫీసులో ఏ కాగితం ఎన్నాళ్లు ఉంచాలి, ఎవరి సంతకంతో తీసేయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ గ్రాంటు అందుకునే మా డిగ్రీ కాలేజీ ఆఫీసుకు రికార్డుల కాలపట్టిక ఒకటి రాసుకున్నాం. గవర్నింగ్ బాడీ దాన్ని ఆమోదించింది. ఆ పట్టిక చూసి సెక్షన్ క్లర్కులు, లెక్చరర్లు, పాత విద్యార్థులు మాటిమాటికీ అడిగేవాటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాం. ఇందులో మేం చెప్పే గడువులు మా కాలేజీ పెట్టుకున్నవి. ప్రభుత్వం గానీ యూనివర్సిటీ గానీ ఒక రికార్డుకు వేరే గడువు చెబితే, ఆ ఉత్తర్వే చెల్లుతుంది.

పట్టికలో అసలు ఏముంటుంది?

నాలుగు గడులు ఉంటాయి. మొదటిది రికార్డు పేరు. రెండోది గడువు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్నది. మూడోది ఎన్నేళ్లు. నాలుగోది తీసేయడానికి ఎవరెవరు సంతకం చేయాలన్నది. చాలా ఆఫీసుల్లో మూడో గడి ఒక్కటే రాసి గోడకు అంటిస్తారు. గొడవలన్నీ రెండో గడి, నాలుగో గడి ఖాళీగా వదిలేయడం వల్లే వస్తాయి. కాబట్టి ఈ పేజీలో ఎక్కువ భాగం వాటి గురించే.

ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసి వచ్చినవాళ్లకు ఆర్.డిస్, డి.డిస్ అన్న గుర్తులు తెలిసే ఉంటాయి. ఫైలు మూసేటప్పుడే దాని మీద ఆర్.డిస్ అని రాస్తే శాశ్వతంగా ఉంచాలని, డి.డిస్ అని రాస్తే పదేళ్లు ఉంచాలని. మేమూ ఆ పద్ధతే పెట్టుకున్నాం. ఫైలు మూసే రోజున దాని సంగతి తెలిసిన క్లర్కు అట్ట మీద గడువు రాయాలి. పదేళ్ల తర్వాత దుమ్ము దులిపేవాళ్లకు ఆ ఫైలులో ఏముందో తెలియదు కదా.

ఎప్పటికీ తీసేయకూడనివి ఏవి?

అడ్మిషన్ రిజిస్టరు, టీసీ పుస్తకాల కౌంటర్‌ఫాయిల్స్, యూనివర్సిటీ నుంచి వచ్చిన మార్కుల గెజిట్లు, గవర్నింగ్ బాడీ మినిట్స్, స్థలం, భవనం పత్రాలు, అఫిలియేషన్ ఉత్తర్వులు. వీటికి తోడు డిస్ట్రక్షన్ రిజిస్టరు. ఏ కాగితాలు తీసేశామో చెప్పే పుస్తకాన్నే తీసేస్తే, ఆ కాగితాలు పద్ధతి ప్రకారం పోయాయో, మాయమయ్యాయో చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు.

ముప్ఫై ఏళ్ల నాటి అడ్మిషన్ రిజిస్టరు ఇప్పుడు ఎవరికి కావాలి?

ప్రతి జూన్, జులైలో ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. 1990ల్లో ఇక్కడ బీఎస్సీ చదివినాయన టీసీ పోగొట్టుకుని డూప్లికేట్ అడుగుతారు. ఇంకొకరికి పుట్టిన తేదీ ధ్రువీకరణ కావాలి. మరొకరు ఏదో పై చదువు అడ్మిషన్‌కు వెళితే, లోకల్ కోటా కోసం ఆరో తరగతి నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు తెమ్మంటారు. మన రాష్ట్రంలో 371డి అధికరణం కింద వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, చదువుల్లో లోకల్ అన్నది ఎక్కడ ఎన్నేళ్లు చదివారన్న దాన్ని బట్టి తేలుతుంది. కాలేజీలో చదివిన మూడేళ్లకు సాక్ష్యం మా అడ్మిషన్ రిజిస్టరే.

మన జిల్లాకు ఇంకో సంగతి కూడా ఉంది. ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ 2008లో వచ్చింది. అంతకు ముందు ఇక్కడి డిగ్రీ కాలేజీలు ఆంధ్రా యూనివర్సిటీ కింద ఉండేవి. పాత విద్యార్థి పరీక్ష రికార్డు విశాఖపట్నంలో ఉంటుంది, ప్రవేశం రికార్డు మా దగ్గర ఉంటుంది. రెండింటినీ కలిపి చూపించగలిగేది రిజిస్టరులో ఆ రోజు రాసిన ఒక్క వరుసే: పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, గ్రూపు, పుట్టుమచ్చలు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఆ విద్యార్థేనని పోల్చుకోవడానికి, ఎడమ చెంప మీద మచ్చ అని అప్పటి గుమస్తా రాసిన మాట ఇప్పటికీ పనికొస్తుంది. 2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడ్డాక పాలకొండ వైపు విద్యార్థుల చిరునామాల్లో జిల్లా పేరు మారింది. అయినా పాత రిజిస్టరులో దిద్దకూడదు. రికార్డులో ఉన్నది ఉన్నట్టే సర్టిఫికెట్‌లో రాసి, ఇప్పుడు ఆ మండలం ఏ జిల్లాలో ఉందో పక్కన వేరుగా రాస్తాం.

‘5 ఏళ్లు’ అంటే ఏ రోజు నుంచి?

కాగితం పుట్టిన రోజు నుంచి కాదు, దాని పని అయిపోయిన రోజు నుంచి. ఈ ఒక్క మాట ఒంటబడితే సగం అనుమానాలు పోతాయి.

హాజరు పట్టీ చూడండి. 2021-22లో మొదటి సంవత్సరం పిల్లల హాజరు ఆ విద్యా సంవత్సరంతోనే అయిపోయినట్టు కనిపిస్తుంది. కానీ ఆ బ్యాచ్‌లో ఒకడికి హాజరు చాలక ఒక సెమిస్టర్ ఆగిపోయి ఉంటుంది, ఇంకొకరి స్కాలర్‌షిప్ హాజరు శాతం మీదే ఆగి ఉంటుంది. అందుకని హాజరు పట్టీల గడువు ఆ బ్యాచ్ చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన తేదీ నుంచి మొదలవుతుంది, అక్కడి నుంచి 5 ఏళ్లు. స్కాలర్‌షిప్ ఫైళ్లకు చివరి విడత డబ్బు జమ అయిన తేదీ నుంచి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ కోసం పెట్టిన ఆధారాలకు గ్రేడు గడువు ముగిసి, తర్వాతి విడత గ్రేడు వచ్చేదాకా. నాక్ వాళ్లు గడిచిన ఐదేళ్ల లెక్క అడుగుతారు కాబట్టి మధ్యలో ఏ ఏడాది తీసేసినా ఇబ్బందే. పిల్లల సెలవు చీటీలకు మాత్రం పెద్ద లెక్కేం లేదు, విద్యా సంవత్సరం అయ్యాక ఒక ఏడాది చాలు.

ఫీజు రశీదు పుస్తకాల గడువు ఎలా లెక్కేస్తారు? ఒక ఉదాహరణతో చెప్పండి.

పట్టికలో పాత రశీదుల కౌంటర్‌ఫాయిల్స్‌కు ఇలా రాసుకున్నాం: ఆర్థిక సంవత్సరం ముగిశాక 8 ఏళ్లు, లేదా ఆ ఏడాదికి చెందిన చివరి ఆడిట్ పేరా, అంటే ఆడిటర్ రాసిన అభ్యంతరం, డ్రాప్ అయ్యాక 1 ఏడాది. ఈ రెండింటిలో ఏది వెనక వస్తే అది.

2016-17 రశీదులనే తీసుకుందాం. ఆ ఆర్థిక సంవత్సరం 2017 మార్చి 31న ముగిసింది. ఎనిమిదేళ్లు కలిపితే 2025 మార్చి 31. ఏప్రిల్‌లో క్లర్కు 62 పుస్తకాలకు జాబితా రాసి, తీసేయడానికి అనుమతి కోరుతూ నోట్ ఫైల్ పెట్టారనుకోండి. సూపరింటెండెంట్ ముందుగా చూడాల్సింది ఆ ఏడాది ఆడిట్ రిపోర్టు. అందులో ఒక పేరా ఉంది: 41వ పుస్తకంలో మూడు రశీదుల తేదీ 2016 నవంబరు 8, బ్యాంకులో జమ అయినది మాత్రం నవంబరు 11. మధ్యలో డబ్బు ఎక్కడుంది?

జవాబు ఆ తేదీలోనే ఉంది. 500, 1000 నోట్ల రద్దు ప్రకటన వచ్చింది ఆ రాత్రే. మర్నాడు బ్యాంకులు జనానికి తెరవలేదు. పదో తేదీన క్యూ, పదకొండున జమ. ఇది నోటితో చెబితే ఆడిటర్ ఒప్పుకోరు. కౌంటర్‌ఫాయిల్, క్యాష్ బుక్కులో ఆ రోజు ముగింపు నిల్వ, బ్యాంకు చలానా, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూపించాలి. అలా చూపించి జవాబు పంపాక, పేరా డ్రాప్ చేసినట్టు 2025 ఆగస్టు 12న లెటర్ వచ్చిందనుకుందాం. అప్పుడు రెండో లెక్క ప్రకారం గడువు 2026 ఆగస్టు 12. మొదటి తేదీ కంటే ఇదే వెనక వచ్చింది కాబట్టి ఇదే అసలు తేదీ. ఏప్రిల్‌లోనే ఆ పుస్తకాలు ముక్కలై ఉంటే, ఏ తప్పూ లేని క్యాషియర్ ఆ మూడు రశీదుల డబ్బు కట్టాల్సి వచ్చేది.

మిగతా 61 పుస్తకాలు ఏప్రిల్‌లోనే తీసేయొచ్చా అని అడుగుతారు. మా మాట వద్దనే. ఒక పుస్తకం మీద ప్రశ్న వచ్చినప్పుడు ఆడిటర్ దాని ముందు వెనక పుస్తకాలూ, ఎవరు ఎంత కట్టాలి, ఎంత కట్టారు, ఎంత బాకీ అని చూపే డీసీబీ రిజిస్టరూ అడగడం మామూలే. మిగిలే చోటు బీరువాలో ఒక అర. దానికోసం ఆ టెన్షన్ ఎందుకు?

ఇంకొక జాగ్రత్త. కాలేజీ నడిపే సొసైటీ లేదా ట్రస్టు ఆదాయపన్ను మినహాయింపు తీసుకుంటుంటే, 2022 ఆగస్టులో వచ్చిన 17ఏఏ నిబంధన ప్రకారం ఖాతా పుస్తకాలు, రశీదుల కౌంటర్‌ఫాయిల్స్ సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక పదేళ్లు ఉంచాలి. 2022-23 రశీదులకు అసెస్‌మెంట్ సంవత్సరం 2023-24, అది 2024 మార్చి 31న ముగుస్తుంది, అక్కడి నుంచి పదేళ్లంటే 2034 మార్చి 31. మన ఎనిమిదేళ్ల లెక్క వేసుకుంటే 2031లోనే తీసేసేవాళ్లం. అందుకే 2022-23 నుంచి ఫీజు రశీదులకు పట్టికలో వేరే వరుస రాశాం.

సమాచార హక్కు చట్టం వల్ల అన్నీ 20 ఏళ్లు ఉంచాలట కదా?

ఈ మాట ప్రతి ఆఫీసులోనూ వినబడుతుంది, కానీ చట్టంలో అలా లేదు. 2005 చట్టం 8(3) సెక్షన్‌లో ఇరవై ఏళ్ల ప్రస్తావన ఉంది. అది ఇరవై ఏళ్ల కిందటి సంగతుల మీద సమాచారం అడిగితే, కొన్ని మినహాయింపులు తప్ప మిగతావి చూపించి ఇవ్వనని చెప్పకూడదనే నియమం. అన్నిటినీ ఇరవై ఏళ్లు దాచమని కాదు. సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ్ కేసులో 2011 ఆగస్టు 9న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరిచి చెప్పింది. విద్యార్థికి తన జవాబు పత్రం చూసుకునే హక్కు ఉందని చెబుతూనే, నిబంధనల్లో ఉన్న గడువు లోపల, ఆ పత్రం ఆఫీసులో ఉన్నంత వరకే ఆ హక్కు పనిచేస్తుందని చెప్పింది.

అంటే గడువు రాసి ఉండాలి, ఆమోదం పొంది ఉండాలి, అందరికీ తెలిసి ఉండాలి. పట్టికే లేని ఆఫీసు ‘పాతవి తీసేశాం’ అంటే సమాచార కమిషన్ ముందు నిలబడదు.

దరఖాస్తు వచ్చాక గడువు పూర్తయితే ఏం చేయాలి?

ఆపేయాలి. ఆర్టీఐ దరఖాస్తు ఇన్‌వర్డులో పడిన రోజే, అది అడిగిన కట్ట మీద ‘ఆపివేత’ అని ఎర్ర స్లిప్పు అంటించి, దరఖాస్తు నంబరు, తేదీ రాస్తాం. జవాబు ఇచ్చేశాం కదా అని వెంటనే స్లిప్పు తీయం. మొదటి అప్పీలుకు 30 రోజులు, ఆ తీర్పు మీద రెండో అప్పీలుకు 90 రోజులు ఉంటాయి కాబట్టి అవి కూడా దాటాలి. అడిగిన సమాచారాన్ని ధ్వంసం చేశారని తేలితే 20వ సెక్షన్ కింద రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పడొచ్చు. అది కాలేజీకి కాదు, సమాచార అధికారి జీతానికి. కోర్టు కేసు, విచారణ, పోలీసు లెటర్, ర్యాగింగ్ ఫిర్యాదు, వేటికైనా ఇదే ఎర్ర స్లిప్పు.

జవాబు పత్రాలు ఎవరివి, ఎవరు తీసేయాలి?

సెమిస్టర్ చివరి పరీక్షల పత్రాలు యూనివర్సిటీవి. మేం కట్టి పంపడం వరకే మా పని. పొరపాటున ఒక కట్ట మా స్ట్రాంగ్ రూములో మిగిలిపోతే దాన్ని లెటర్ రాసి అప్పగించాలే తప్ప, ఎన్నేళ్లయినా మేం ముట్టుకోకూడదు.

మిడ్ పరీక్షల పత్రాలు మావి. వాటి మార్కులు యూనివర్సిటీకి వెళ్లి, ఆ సెమిస్టర్ మెమో విద్యార్థి చేతికి వచ్చిన రోజు నుంచి ఒక ఏడాది ఉంచుతాం. మార్కుల జాబితా మాత్రం శాశ్వతం. పత్రం పోయినా ఇబ్బంది లేదు గానీ, ఇంటర్నల్ మార్కుల జాబితా పోతే మెమోలో తప్పు పడ్డ విద్యార్థికి దిక్కు ఉండదు. లెక్చరర్లు పత్రాలు ఇంటికి తీసుకెళ్లి అక్కడే వదిలేయడం కుదరదు. దిద్దాక డిపార్ట్‌మెంట్ ద్వారా రికార్డు రూముకు చేరాల్సిందే.

చివరికి చించేది ఎవరు?

ఏ ఒక్కరూ తమంతట తాము కాదు. కాగితం రాసిన మనిషే దాన్ని తీసేయకూడదన్నది మా మొదటి నియమం. క్యాషియర్ రశీదులు తీసేయకూడదు, పరీక్షల ఇన్‌చార్జి మిడ్ పత్రాలు తీసేయకూడదు.

పని ఇలా సాగుతుంది. సెక్షన్ క్లర్కు గడువు దాటిన వాటి జాబితా రాస్తారు: కట్ట నంబరు, ఏ ఏడాది, ఎన్ని పుస్తకాలు లేదా ఫైళ్లు, పట్టికలో ఏ వరుస ప్రకారం. రికార్డు అసిస్టెంట్ జాబితా పట్టుకుని అరల దగ్గరకు వెళ్లి, కట్ట విప్పి, ఎర్ర స్లిప్పు ఉందేమో చూసి టిక్ పెడతారు. సూపరింటెండెంట్ ఆడిట్ రిపోర్టు, కేసుల రిజిస్టరు, ఆర్టీఐ రిజిస్టరు చూసి నోట్ రాస్తారు. ముగ్గురి కమిటీ, అంటే ఒక సీనియర్ లెక్చరర్, సూపరింటెండెంట్, ఆ సెక్షన్‌తో సంబంధం లేని ఇంకొకరు, కట్టల్లో కొన్ని విప్పించి చూస్తారు. ప్రిన్సిపాల్ ప్రొసీడింగ్స్ ఇస్తారు. అప్పుడు అటెండరు మిషన్‌లో వేస్తే కమిటీ పక్కనే ఉండి, అదే రోజు డిస్ట్రక్షన్ రిజిస్టరులో ముగ్గురూ సంతకం పెడతారు.

కమిటీ కట్ట విప్పి చూడటం లాంఛనం కాదు. అట్ట మీద ‘సెలవు చీటీలు 2018’ అని ఉంటుంది, లోపల మధ్యలో ఎవరి ఇంటర్ మెమో ఒరిజినలో ఇరుక్కుని ఉంటుంది. అట్టను చూసి మిషన్‌లో వేస్తే ఆ పిల్లకు జరిగే నష్టం మనం తీర్చలేం.

పాత కాగితాల వాళ్లకు అమ్మేస్తే నాలుగు రూపాయలు వస్తాయి కదా? కాల్చేస్తే సరిపోదా?

రెండూ వద్దు. స్కాలర్‌షిప్ ఫైలులో ఆధార్ కాపీ, బ్యాంకు పాసుబుక్కు మొదటి పేజీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, తల్లి ఫోన్ నంబరు అన్నీ ఒక్కచోటే ఉంటాయి. ఆ కట్టను కిలోల లెక్కన ఇచ్చేస్తే అది ఏ బండి దగ్గర పొట్లం అవుతుందో, ఎవరి చేతికి చిక్కుతుందో మనకు తెలియదు. కాలేజీ వెనక తగలబెట్టడం ఘన వ్యర్థాల నిబంధనలకు విరుద్ధం. పైగా దట్టంగా కట్టిన కాగితం లోపల కాలదు. అంచులు మాడి, మధ్యలో పేర్లు, నంబర్లు చక్కగా చదవగలిగేలా మిగిలిపోతాయి.

క్రాస్ కట్ ష్రెడర్‌లో వేసి, ఆ ముక్కలను అమ్మొచ్చు. పొడవు పట్టీలుగా కోసే చవక మిషన్ కొనకండి, వాటిని అతికి చదవొచ్చు. అమ్మిన డబ్బుకు రశీదు రాసి కాలేజీ ఖాతాలో జమ చేయాలి, ఎంత తక్కువైనా సరే.

విద్యార్థులు తీసుకెళ్లని ఒరిజినల్ సర్టిఫికెట్లకు గడువు ఎంత?

వాటికి గడువు లేదు, ఎందుకంటే అవి మన రికార్డు కాదు, వాళ్ల ఆస్తి. ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని 2018లో యూజీసీ చెప్పింది, చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి. అంతకు ముందు నుంచి బీరువాలో ఉండిపోయిన వాటికి వేరే రిజిస్టరు పెట్టాం. రికార్డులో ఉన్న చిరునామాకు స్పీడ్ పోస్టులో లెటర్ వేస్తాం, ఆ ఊరి నుంచి వచ్చే పిల్లలతో కబురు పెడతాం. రాకపోతే అలాగే భద్రంగా ఉంచుతాం. ఫీజు బాకీ ఉందన్న కారణంతో ఆపి ఉంచినవి ఏవైనా కనబడితే ప్రిన్సిపాల్ గారి దృష్టికి తెచ్చి ముందు అవి ఇచ్చేయించండి.

తుఫానుకు తడిసినా, చెదలు పట్టినా తీసేసినట్టేనా?

కాదు. అది పోవడం, తీసేయడం కాదు. రెండింటికీ కాగితాలు వేరు.

మన తీరానికి ఇది ఏటా ఉండే బెంగ. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ, రెండూ గుర్తున్నవాళ్లకు కిటికీ పక్కన బీరువా పెట్టొద్దని చెప్పక్కర్లేదు. తడిసిన రికార్డు కనబడగానే ముందు ఫొటోలు తీయాలి. తర్వాత ఏ ఏ రిజిస్టర్లు, ఏ పేజీల దాకా పోయాయో పంచనామా రాసి, కమిటీ సంతకాలతో పై అధికారులకు రిపోర్టు పంపాలి. శాశ్వత రికార్డు అయితే ఎండలో పెట్టకండి, సిరా వెలిసిపోతుంది, అట్టలు వంకర్లు పోతాయి. ఫ్యాను గాలికి నీడలో పెట్టి, పేజీల మధ్య తెల్ల కాగితం వేసి మారుస్తూ ఉండాలి. అతుక్కున్న పేజీలను బలవంతంగా లాగొద్దు. చదవలేని పేజీలకు యూనివర్సిటీ నామినల్ రోల్స్ నుంచి వివరాలు తెచ్చి వేరే పుస్తకంలో రాసి, అవి ఎక్కడి నుంచి తెచ్చామో పక్కన రాయాలి. ‘పాడైపోయాయి కాబట్టి గడువు లోపలే తీసేశాం’ అని డిస్ట్రక్షన్ రిజిస్టరులో ఎక్కించడం మాత్రం చేయకూడదు.

స్కాన్ చేశాక కాగితం తీసేయొచ్చా?

శాశ్వత రికార్డు అయితే తీయకూడదు. స్కాన్ అన్నది వెతకడానికి, పుస్తకం నలగకుండా ఉండడానికి. మిగతా వాటికి గడువు దాకా కాగితం ఉండాలి, గడువు దాటాక రెండూ పోవాలి. చాలామంది మర్చిపోయేది ఈ రెండోదే. కట్ట ముక్కలైంది, దాని స్కాన్లు మాత్రం పాత కంప్యూటర్‌లో, పెన్‌డ్రైవ్‌లో, ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఉండిపోతాయి. డిస్ట్రక్షన్ రిజిస్టరులో ఒక గడి పెంచి, స్కాన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ఎవరు తీసేశారో రాయిస్తున్నాం.

సిబ్బంది సర్వీసు రిజిస్టర్ల సంగతి?

రిటైరై పెన్షన్ వచ్చినా ముట్టుకోం. ఫ్యామిలీ పెన్షన్ తేడా, పాత ఇంక్రిమెంట్ బాకీ ఎప్పుడైనా పైకి రావచ్చు. వీటిని తీసేసే అధికారం పట్టికలో ఎవరికీ ఇవ్వలేదు. క్యాజువల్ లీవ్ రిజిస్టరు 3 ఏళ్లు చాలు.

పట్టికలో పేరు లేని కాగితం దొరికితే?

తీసేయకండి, ఊరికే అరలోనూ పెట్టకండి. దాని మీద తేదీ వేసి సూపరింటెండెంట్‌కు ఇవ్వండి. ఏడాదికోసారి మార్చి ఆడిట్ పని తగ్గాక, మే నెలలో కమిటీ కూర్చుని అలాంటివాటికి కొత్త వరుసలు రాసి గవర్నింగ్ బాడీకి పంపుతుంది. ఆ ఆమోదం వచ్చేదాకా అది ఎవరి చేతిలో ఉందో ఇన్‌వర్డు రిజిస్టరులో కనబడాలి.